దారాల బాబాయి వచ్చే రోజు

మా నాన్న కుట్టు దుకాణానికి దారాలిచ్చే ముసలాయన ప్రతి నెలా పదిన వెయ్యి, ముప్పయ్యిన మూడు వేలు వసూలుకు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నాన్నతో గంటసేపు కబుర్లు.

ఒకసారి మోకాళ్లు పట్టుకుని, "రెండుసార్లు తిరగలేనమ్మా. మధ్యలో ఇరవైన మొత్తం ఇచ్చెయ్యండి" అన్నాడు.

"అలాగైతే మాకు నష్టం బాబాయ్" అంది అమ్మ. "ఇరవై అయిదున ఇస్తాం. మీ మూడు వేలు అయిదు రోజులు ముందొస్తాయి, వెయ్యి పదిహేను రోజులు ఆలస్యమవుతుంది. మూడైదులు పదిహేను. ఇద్దరికీ సరి."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుని నవ్వేశాడు.

మరుసటి నెల పదిన నాన్న అలవాటుగా టీ రెండు గ్లాసుల్లో పోశాడు.

"ఈరోజు రారుగా" అంది అమ్మ.

"తెలుసులే" అని నాన్న గుమ్మం వైపు చూస్తూ రెండోదీ తనే తాగాడు.