తడి గోనెపట్టాలు

స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడి వానకు కారుతుంది. మేస్త్రీ పొద్దుటి నుంచి ఆ మాట పదిసార్లు అన్నాడు. అందుకే పైన కాంక్రీటు సర్దుతున్న మరిది తన తలనొప్పిని పదకొండింటి దాకా కడుపులోనే దాచుకున్నాడు. పిక్కలు పట్టేసి, వాంతి ముంచుకొచ్చాక గానీ తట్టలు మోస్తున్న వదినకు చెప్పలేదు.

ఒళ్లంతా చెమట, ముఖం పాలిపోయింది. ఆమె అతన్ని కింద నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద సిమెంటు సంచి పెట్టింది. చొక్కా విప్పి తడిగుడ్డతో తుడిచింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించింది. అరగంటకు తేరుకున్నాడు.

"నీ వంటకన్నా ఈ ఉప్పునీళ్లే నయం వదినా."

"వాగింది చాలు. ఇవాళ్టికి పని లేదు. తేరుకున్నాక మళ్లీ ఎండలోకి వెళ్తేనే ప్రమాదమని మొన్న మన పేటకొచ్చిన నర్సమ్మ చెప్పింది."

"నర్సమ్మ వచ్చి స్లాబు పోస్తుందా?" అన్నాడు మేస్త్రీ మెట్ల మీంచి. "ఇంకో నాలుగు వరసలే."

మరిది లేచి వెళ్లాడు. వదిన కూడా గట్టిగా పట్టుకుని ఆపలేదు.

రెండో వరసలో అతను పార కింద పడేసి, "అమ్మా, బస్సొచ్చింది, పద" అన్నాడు. అమ్మ పోయి ఆరేళ్లయింది. అడుగులు తడబడుతున్నాయి. వదిన అతని మెడ తాకి చూసింది, పెనంలా కాలిపోతోంది.

"చెమట పోస్తోందిగా, ఏం కాదులే" అన్నాడు మేస్త్రీ.

"చెమట కాదన్నా, మాట చూడు. ఇందాకటిది ఎండకు డస్సిపోవడం. ఇది వడదెబ్బ, మెదడుకెక్కింది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

నలుగురూ పట్టుకుని కిందికి దించేసరికి అతనికి స్పృహ సగమే ఉంది. ఎవరో గ్లాసు నోటి దగ్గర పెట్టబోతే ఆమె చేత్తో నెట్టేసింది. "ఇప్పుడు నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది." పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

గోడలు తడిపే క్యూరింగు పైపు ఎండకు కాగి ఉంది. వేణ్నీళ్లు పోయేదాకా నేలమీద వదిలి, చల్లబడ్డాక అతని మీదికి తిప్పింది. రేపు స్లాబు మీద పరచాల్సిన గోనెపట్టాలు తడిపి మెడకూ చంకలకూ గజ్జలకూ చుట్టింది. అవి వేడెక్కగానే మళ్లీ తడిపింది. మేస్త్రీ అట్టముక్కతో విసురుతున్నాడు.

"పైన గట్టిపడిపోతోంది మేస్త్రీ" అని ఎవరో అరిచారు.

అతను తలెత్తలేదు. "అతుకు పడితే పడనీ."

ఇరవై నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన వైద్య సహాయకుడు జ్వరం చూసి, "చల్లబరుస్తూనే ఉండండి" అని అదే తడిపట్టాలతో స్ట్రెచరెక్కించాడు.

ఆమె ఎక్కి కూర్చుని, "నేనెవర్ని, చెప్పు" అని అడిగింది. దారి పొడుగునా అడిగింది. ఆసుపత్రి గేటు దగ్గర అతని పెదాలు కదిలాయి.

"ఉప్పు... ఎక్కువైంది."

అది వదినకు చెబుతున్నాడో, చనిపోయిన తల్లికి చెబుతున్నాడో ఆమెకు తెలియలేదు. పట్టా పిండి మళ్లీ తడిపింది.