మూసిన తలుపు లోపల సర్వే

వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. పేరు బాలకిష్టయ్య. తొమ్మిదిన్నరకు గంట కొట్టగానే కాలేజీలో ప్రతి క్లాసు తలుపూ మూయాలన్న నియమం నేను పెట్టించిందే. ఆలస్యంగా వచ్చినవాళ్లు మొదటి పీరియడ్ అంతా వరండాలో కూర్చోవలసిందే, హాజరు పడదు. క్రమశిక్షణ అంటే ఇదీ అని స్టాఫ్ రూములో చెప్పుకునేవాణ్ణి. నేను మొదలుపెట్టగానే అందరికీ ఏదో పని గుర్తొచ్చేది. దాన్నీ గౌరవమే అనుకున్నాను.

ఈ ఏడు గోపాల్‌పేట వైపు పిల్లలు తమ పొద్దుటి బస్సును గంట ముందుకు జరపమని అడిగారు. కాలేజీలో ఐదో వంతు మందికైనా బస్సుతో ఇబ్బంది ఉంటే జరుపుతామని బస్సుల అధికారి అన్నాడు. లెక్క తేల్చే పని నాకు పడింది. సెకండియర్ యమునకు ఆ బస్సే దిక్కు, అదేమో ఎక్కువగా గంట కొట్టాకే చేరేది. హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంకెందుకీ చదువని వాళ్ల నాన్న చెన్నయ్య మాన్పించే మాట అప్పటికే ఎత్తాడు.

మొదటి పీరియడ్‌లో, క్లాసుల్లో ఉన్నవాళ్ల నుంచి చీటీలు తీసి పాతికమందిని అడిగాను. ఇద్దరు ఇబ్బంది ఉందన్నారు. అంటే ఎనిమిది శాతం. దాన్నే పాఠం చేశాను.

"సర్వేలో దోషాలు రెండు రకాలు. వేరే పాతికమందిని అడిగితే ఐదుగురు అనొచ్చు, ఒక్కరూ అనకపోవచ్చు. శాంపిల్ వల్ల వచ్చే ఈ ఊగులాటే మొదటిది, ప్రతిచయన దోషం. ఇప్పుడది అటూ ఇటూ పదకొండు శాతం దాకా ఉంది. శాంపిల్ నాలుగు రెట్లయితే దోషం సగమవుతుంది. పదహారు రెట్లయితే నాలుగో వంతుకు దిగుతుంది."

"రెండోది ఏంది సార్?" అని ముందు బెంచీలోని వర్ష అడిగింది.

"ప్రతిచయనేతర దోషం. కొలిచే తీరులోనో అడిగే తీరులోనో ఉండే తప్పు. టేపు మొదటి అంగుళం తెగిపోయిందనుకో. దాంతో పదిమందిని కొలిచినా వెయ్యిమందిని కొలిచినా అందరూ ఉన్నదానికంటే ఒక అంగుళం ఎక్కువ పొడుగే వస్తారు. కాపీ కొట్టినవాళ్లు చేతులెత్తండి అంటే ఎవరెత్తుతారు? ఇలాంటివి శాంపిల్ పెంచితే తగ్గవు. కాలేజీ మొత్తాన్ని అడిగితే మొదటి దోషం పోతుంది, రెండోది కూర్చునే ఉంటుంది."

ఇంత చక్కగా చెప్పినవాణ్ణి కదా, మర్నాడు మళ్లీ మొదటి పీరియడ్‌లోనే, తలుపులు మూయించి మరీ, నాలుగు వందల మందిని అడిగాను. తొమ్మిది శాతం వచ్చింది. దోషం మూడు శాతం లోపే. చంకలు గుద్దుకుంటూ ఆ లెక్క పంపించాను. బస్సు మార్చాల్సిన అవసరం లేదని అధికారి జవాబిచ్చాడు.

ఆ కబురు తెలిసిన రోజు క్లాసు నుంచి బయటికి వస్తుంటే వరండాలో యమున లేచి నిలబడింది. చుట్టూ ఇంకా చాలామంది ఉన్నారు.

"సార్, మమ్మల్ని ఎప్పుడు అడుగుతరు?"

బస్సు ఆలస్యమైనవాళ్లను బయట కూర్చోబెట్టి, లోపలికి వచ్చినవాళ్లను బస్సుతో ఇబ్బందా అని అడిగాను. తెగిన టేపు నా చేతిలోనే ఉంది. సిగ్గేసింది. నాలుగు వందలు కాదు, లోపలున్న ప్రతివాణ్ణీ అడిగినా ఆ తప్పు అంగుళం కదిలేది కాదు.

మర్నాటి నుంచి యమున రాలేదు.

వెంటనే వరండాలో వాళ్లనే అడిగేద్దామనుకున్నాను. అలా చేస్తే తప్పు ఇటు నుంచి అటు తిరుగుతుందంతే. అడ్మిషన్ల జాబితా మొత్తంలోంచి చీటీలు తీశాను. తిరగడానికి ఓపిక ఉన్నది అరవై మందికే. క్లాసులో ఉన్నా, వరండాలో ఉన్నా, పత్తిచేలో ఉన్నా వెతికి పట్టుకుని అడిగాను. చీటీల్లో యమున పేరు రాలేదు. కలుపుదామని మనసు లాగింది, కానీ కలపలేదు. ఇరవై ఒక్కమంది ఇబ్బంది ఉందన్నారు. ముప్పై అయిదు శాతం, అటూ ఇటూ పన్నెండు.

అధికారి రెండు లెక్కలూ చూసి నవ్వాడు. "నాలుగు వందల మందిని అడిగిందాన్ని ఇడిసిపెట్టి అరవై మందిదాన్ని నమ్మాల్నా సార్?"

"నమ్మాలి. ఇది ఎంత ఊగినా ఇరవై మూడు కిందికి దిగడం కష్టం. అది ఊగదు, కానీ చోటు తప్పి నిలబడింది."

"ఎట్ల తప్పింది?"

"బస్సు అందనివాళ్లు బయట ఉంటే లోపలివాళ్లను అడిగాను."

"బయట ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

అతను చాలాసేపు నవ్వాడు. సోమవారం నుంచి బస్సు ముందుకొస్తుందన్నాడు.

బయటికి రాగానే చెన్నయ్యకు ఫోన్ చేశాను. బస్సు సంగతి చెప్పి, యమునను పంపించమని బతిమాలాను.

"పంపుత సార్. గని మా తొవ్వల వాగొస్తే బస్సు ఒక్కోపారి ఆగుతది. గట్లయితే ఏం జేస్తరు?"

 

"లోపలికి రానిస్తాను చెన్నయ్యా."