ధర కాలమ్‌లో శ్రీ

చెంగల్రాయుడప్ప మంచి మనిషే, కానీ ఆయన చెయ్యి ఊరికే ఉండదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మూడు షాపులు ఆయనవి. బోరుబావిలో దించే మోటార్లు, స్టార్టర్లు, కేబులు అమ్ముతాడు. మదనపల్లె షాపులో కంప్యూటరు ముందు కూర్చునేది నేను, జెనిఫర్‌ని. ఇక్కడ ఒక రేటు మారిస్తే మూడు ఊళ్ళలోనూ మారిపోతుంది. ఆ సౌకర్యాన్ని అందరూ మెచ్చుకునేవాళ్ళు, నాకు మాత్రం భయంగా ఉండేది.

ఆ బుధవారం కంపెనీ నుంచి కొత్త రేట్లు వచ్చాయి. ఎక్సెల్‌లో మూడు కాలమ్‌లు: కోడు, సరుకు పేరు, ధర. ఫైలు ఎక్కించి ప్రివ్యూ చూశాను. పాత ధర, కొత్త ధర, ఎంత శాతం మారిందీ పక్కపక్కనే వస్తాయి. అన్నీ కొద్దికొద్దిగా పెరిగాయి. తప్పుంటే వరస ఎర్రగా కనిపిస్తుంది, ఒక్కటీ ఎర్రగా లేదు. అప్‌డేట్ నొక్కబోతుంటే అప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాహుకాలమమ్మా. ఒకటిన్నర దాటనీ. నువ్వు పొయ్యి బువ్వ తినేసి రా, నేనే నొక్కుతా."

ఇంటికి వెళ్ళి తిని, మనసొప్పక పరుగున వచ్చేసరికి రెండు దాటింది. ఆయన మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

"కొట్టేసినా!"

"ప్రివ్యూ సూసినారా అప్పా?"

"ఇందాక నువ్వు సూసినావు గదా. రెండు వరసలు ఎర్రగా వచ్చినాయి. వాటిని ఇడిసిపెట్టి మిగతావి ఎక్కించేసినా."

ఇందాక లేని ఎరుపు ఇప్పుడెలా వచ్చింది? మౌసు పట్టుకునేలోపే ఫోను మోగింది. కుప్పం షాపు చూసుకునే ఆదెప్ప. అప్ప దగ్గర అందరికంటే పాత మనిషి.

"అమ్మా, ఐదు హార్స్‌పవర్ మోటారు రేటు తగ్గించినారా? ఇప్పుడే ఒకటి ఇచ్చేసినా. బిల్లు ఏసినాక సూస్తే మూడు హార్స్‌పవర్ దాని రేటు పడుండాది." ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. "రైతు రామకుప్పం బస్సెక్కేసినాడు. షాపు మూసేసి నేనూ పోతాండా. కాళ్ళైనా పట్టుకుంటా."

ఎందుకంత భయమో నాకు తెలుసు. తప్పు బిల్లు పడితే నష్టం వేసినవాడి జీతంలో కోస్తారు. అది అప్ప పెట్టిన రూలు. ఈ మోటారుకు ఆదెప్ప జీతం సగానికి పైగా పోతుంది.

"యాడికీ పోవద్దన్నా. ఎవురికీ బిల్లు ఏయొద్దు. ఫోను పెట్టొద్దు" అని రిసీవరు బల్లమీద పెట్టి ఫైలు తెరిచాను.

ధర కాలమ్ నెత్తిన 'శ్రీ' అని ఉంది.

"కొత్త రేట్లు గదా, శుభమని రాసినా" అన్నాడు అప్ప. "చోటు లేకుంటే ఒక గడి దూర్చినా."

ఆ ఒక్క కాలమ్‌లో గడి దూర్చాడు, దాంతో ధరలన్నీ ఒక్కో మెట్టు కిందికి జారాయి. మొదటి సరుకు పక్కకు 'ధర' అనే మాట వచ్చింది, అది అంకె కాదు కాబట్టి ఎరుపు. చివరి ధర పక్కన కోడు లేదు, అదీ ఎరుపు. మధ్యలో కోడ్లు నిజమైనవే, అంకెలు నిజమైనవే. తప్పు పట్టడానికి సాఫ్ట్‌వేర్‌కు ఏముంది? పెరగాల్సిన రేట్లు తగ్గుతున్నాయని ప్రివ్యూ చెబుతూనే ఉంది. చూసే కళ్ళే లేవు.

ఒళ్ళు మండింది, కానీ ముందు పని కావాలి. ఆ అప్‌డేట్‌ను వెనక్కి తిప్పమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. ఒక కేబులు దగ్గర ఆగి అడిగింది: తర్వాత దీన్ని చేత్తో మార్చారు, ఇదీ పాత ధరకు పోవాలా? పుంగనూరు షాపు చూసుకునే శాంతకుమారి కంపెనీ అచ్చేసిన రేట్ల కాగితం చూసి సరైన కొత్త ధర దిద్దుకుంది. దాన్ని అలాగే వదిలి మిగతావి తిప్పేశాను. అవన్నీ మళ్ళీ పొద్దుటి రేట్లకు వచ్చాయి.

"హమ్మయ్య, ఆ బిల్లు గూడా సరైపాయె గదా?"

"రేటు తిరిగొస్తాది గానీ, బస్సెక్కిన మోటారు తిరిగిరాదప్పా."

ఆయన తెర మీద అప్‌డేట్ల చరిత్ర చదివాడు. రెండు వరసలు. అప్‌డేట్: చెంగల్రాయుడు. వెనక్కి: జెనిఫర్.

"ఆ పై వరస తీసేయమ్మా."

"తీసేదానికి కాదు. తీసినా ఆదెప్పన్న జీతం తెగకుండా పోతాదా?"

అనేశాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆయన బల్లమీది రిసీవరు అందుకున్నాడు.

"ఆదెప్పా, ఉండావా?"

"ఉండానప్పా. ఈ నెల జీతంలోనే కోసుకోండి. రెండు నెలలకు పంచితే ఇంకా..."

"నీ బిల్లు తప్పు గాదు. రేటు నేను తప్పు పెట్టినా."

అవతలి నుంచి ఆదెప్ప ఏడుపు వినిపించింది. అప్ప రిసీవరు పెట్టెయ్యలేదు, అది ఆగేదాకా చెవికి ఆనించుకునే కూర్చున్నాడు.