కొత్త కాట్రిడ్జ్, తెల్ల కాగితాలు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపే స్వరాజ్యం, ఇన్నేళ్లూ ప్రింటర్ కాట్రిడ్జ్‌లో కనకయ్యతోనే పౌడర్ నింపించుకునేది. ఈసారి ముచ్చటపడి కొత్తది కొని, తనే బిగించింది. తీరా హాల్‌టికెట్ల కోసం జనం ఎగబడిన వేళ కాగితాలన్నీ తెల్లగా వచ్చాయి.

"కొత్తది గూడ ఖరాబేనా?" అని ఎవరో నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మొహం చెల్లకపోయినా చివరికి కనకయ్యకే ఫోన్ చేసింది.

ఆయన వచ్చి ఒక్క మాట దెప్పలేదు. జనానికి వీపు పెట్టి, కాట్రిడ్జ్ బయటికి తీసి, పక్కన పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ పట్టీ కొస పట్టుకుని తిన్నగా లాగాడు. పౌడర్ బయటికి రాకుండా మూసి ఉంచిన పొడవాటి సీలు ఊడివచ్చింది. నింపించిన కాట్రిడ్జ్‌లకు అది ఉండదు మరి, స్వరాజ్యానికేం తెలుసు? ఆయన దాన్ని చటుక్కున జేబులో కుక్కేసి, కాట్రిడ్జ్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపి బిగించాడు. అక్షరాలు నల్లగా నిగనిగలాడుతూ వచ్చాయి.

"మిషిన్ జర మొరాయించింది, గంతే," అన్నాడు జనంతో.

ఎంత మనిషి! స్వరాజ్యం కళ్లు ఆయన జేబులోంచి వేలాడుతున్న సీలు మీదే ఉన్నాయి.

"కనకన్నా, గిది అయిపోంగనే మళ్ల నువ్వే నింపాలె."

"నింపుత చెల్లె," అన్నాడాయన, ఆమెకు మాత్రమే వినబడేలా. "భయపడకు, నేను నింపినదానికి సీలుండదు."