చివరి నాలుగు లైన్లు

పత్రికాఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆఖరి నిమిషంలో యాడ్ వచ్చి పేజీలో చోటు చాలకపోతే, వార్తను కింది నుంచి కోసేస్తారు. అందుకే ముఖ్యమైన సంగతి పైనే రాయాలి. ఇరవై రెండేళ్లుగా స్పోర్ట్స్ డెస్కులో చేరిన ప్రతివాడికీ ఈ పాఠం చెబుతున్నది నేనే. చెప్పేవాడికి ఎక్కితేగా!

ఆ ఆదివారం మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఒక పెద్ద క్లబ్బు చేతిలో నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది. మా గోల్‌కీపర్ ఆడలేదు. ఆరున్నర అడుగుల మనిషి, అభిమానులు ముద్దుగా నిచ్చెన అంటారు. అతని బదులు దిగిన కుర్రకీపర్ చేతుల్లోంచి బంతులు చేపల్లా జారిపోయాయి. నా రిపోర్టు నడుమ ‘నిచ్చెన ఈ మ్యాచ్‌కు దూరంగా ఉన్నాడు’ అని రాశాను. ఎందుకు దూరంగా ఉన్నాడో చివరి నాలుగు లైన్లలో రాశాను. పరుపుల కొట్టు యాడ్ ఒకటి వచ్చిపడింది. ఆ నాలుగు లైన్లు పోయాయి.

మంగళవారం పొద్దున్నే నిచ్చెన భార్య ఆఫీసుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్లో ఫొటో చూపించింది. వాళ్ల అద్దె ఇంటి ప్రహరీ మీద మనిషెత్తుకి పైన ఎర్ర రంగుతో రాసి ఉంది: ‘అమ్ముడుపోయిన చేతులు మాకొద్దు’.

“మా ఆయన ఎందుకు ఆడలేదో మీకు తెలీదా సార్?” అంది.

“తెలుసమ్మా.”

“మరి రాయలేదేం?”

కంప్యూటర్లో నా అసలు రిపోర్టు తీసి చూపించాను. ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివింది. “ఇవి మీ దగ్గరుంటే మాకేం లాభం?” అంది. నేను స్క్రీన్ పక్కకి తిప్పేశాను.

“ఆ రోజు టీవీ ముందు గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్నారు సార్. వద్దన్నా తీయలేదు. ఇప్పుడేమో శనివారం మ్యాచ్‌కి వెళ్లను, ఆటే మానేస్తానంటున్నారు. పాప బడికెళ్లనని ఏడుస్తోంది.”

నేను తెలివి ప్రదర్శించాను. “తొందరపడొద్దని చెప్పమ్మా. ట్రాన్స్‌ఫర్ విండో, అంటే క్లబ్బు మారే గడువు, మూసేసి పది రోజులైంది. సీజన్ అయ్యేదాకా ఇంకో క్లబ్బు ఆయన్ని నమోదు చేసుకోవడానికి వీల్లేదు. కాంట్రాక్టు మధ్యలో కారణం లేకుండా వెళ్లిపోతే పరిహారం కట్టమంటారు, నిషేధం కూడా పడొచ్చు.”

“అదంతా ఆయనకి తెలుసు. తెలిసే అంటున్నారు” అంది. ఫోన్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మా ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. “రెండో పేజీ మూలన సవరణ వేద్దాం” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. “గోడ మీద ఎర్ర రంగుతో రాసినదానికి మూలన చీమ తలకాయంత సవరణా?” అన్నాను. అభిమానులకి ట్రాన్స్‌ఫర్ విండో, కాంట్రాక్టు, లోన్ అంటే ఏమిటో మూడొందల మాటల్లో రాసిమ్మని ఆయన వారం నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. బద్ధకించి వాయిదా వేస్తున్నాను. “అదే రాసిస్తా, మొదటి స్పోర్ట్స్ పేజీలో పైన వెయ్యండి” అన్నాను. ఒప్పుకున్నాడు.

రాశాను. నిర్వచనాలన్నీ వరసగా పేర్చి, పద్ధతిగా, చప్పగా రాశాను. మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని మా బావమరిది పనిచేసే మెకానిక్ షెడ్డుకి వెళ్లాను. అన్నం మానేస్తాడు గానీ మ్యాచ్ మానడు. వాడికి అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే.

నూనె చేతులు తుడుచుకుని చదివాడు. “బాగుంది బావా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు” అన్నాడు.

“ఏది కాలేదు?”

“లోన్ అంటే ఏంటి? మన గ్రైండర్ పక్కింటోళ్లకి ఇచ్చినట్టా?”

“మనిషిరా వాడు, గ్రైండర్ కాదు! నీకు పని లేదనుకో, మీ ఓనరు నిన్ను ఒక ఏడాది వేరే షెడ్డుకి పంపాడనుకో. నువ్వు సరేనంటేనే. పని అక్కడ చేస్తావు, కాంట్రాక్టు మాత్రం ఇక్కడే ఉంటుంది. గడువు అయ్యాక తిరిగి ఇక్కడికే రావాలి. నిచ్చెనా అంతే. అసలు యజమాని ఆదివారం మనల్ని ఓడించిన ఆ పెద్ద క్లబ్బే.”

“అయితే?”

“లోన్‌కి పంపేటప్పుడు చాలా క్లబ్బులు ఒక షరతు పెడతాయి. మా మనిషి మా మీద ఆడకూడదని. అతని పత్రంలోనూ అది ఉంది. మన క్లబ్బు కూడా సంతకం పెట్టింది. ఆదివారం అతను ఆడతానని కాళ్లా వేళ్లా పడ్డా మనవాళ్లు దింపడానికి లేదు.”

మా వాడు స్టూలు మీద కూర్చుండిపోయాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు: “ఆ గోడ మీద రాసింది నేనే బావా. షెడ్డు వ్యాన్ పైకెక్కి రాశా.”

చెయ్యెత్తబోయాను. ఎత్తలేకపోయాను. వాడు రంగు పూశాడు సరే, ఆ రంగు కలిపిచ్చింది ఎవరు? ఆ కాగితం అక్కడే చింపేసి, షెడ్డు బిల్లుల పుస్తకం వెనక మళ్లీ రాయడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం రాసి వాడికి చదివి వినిపించాను. వాడు తలూపితేనే తర్వాతి వాక్యం.

గురువారం అది అచ్చయింది. మొదలు ఇలా ఉంది: “ఆదివారం మన గోల్‌కీపర్ ఆడలేదు, ఎందుకంటే ఆడకూడదు. అతను లోన్ మీద వచ్చినవాడు. సొంత క్లబ్బుపై ఆడరాదని అతని ఒప్పందంలో ఉంది. ఆ సంగతి రిపోర్టు అడుగున రాసింది నేను. చోటు చాలక కోసేసింది మేము. తప్పు మాది. అతనిది కాదు.” ఆ తర్వాతే విండో ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, ఒకసారి మూశాక క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎందుకు నమోదు చేసుకోలేవు వగైరా. ఆ రోజూ యాడ్ వచ్చింది. కింది నుంచి ఏడు లైన్లు కోశారు. కాంట్రాక్టు ఆఖరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చన్న సంగతి పోయింది, పోనీ.

అదే రోజు సాయంత్రం మా బావమరిది సున్నం బక్కెట్టు, బ్రష్షు పట్టుకుని ఆ ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. వాడొక్కణ్ణే పంపడానికి నాకు మొహం చెల్లలేదు. నడిచి వెళ్లాం. వ్యాన్ తీసుకెళ్లాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. కింది అక్షరాలు పోయాయి. పై వరస వాడికి అందలేదు, ఎగిరి ఎగిరి పూస్తుంటే సున్నమంతా మొహం మీద పడుతోంది.

గేటు తెరుచుకుంది. నిచ్చెన బయటికొచ్చాడు. గడ్డం మాసి ఉంది. మమ్మల్ని చూశాడు, గోడని చూశాడు. మా వాడి చేతిలోంచి బ్రష్షు తీసుకుని, ‘అమ్ముడుపోయిన’ అన్న మాట మీద మెల్లగా సున్నం పూశాడు. అతనికి చెయ్యి చాస్తే అందింది.

“ఇది ఎవరు రాశారో తెలుసా?” అన్నాడు పూస్తూనే.

మా వాడు మొహం మీది సున్నం తుడుచుకున్నాడు. “నేనే అన్నా” అన్నాడు.

అతను ఆగాడు. బ్రష్షులోంచి సున్నం చుక్కలు చెప్పుల మీద పడుతున్నాయి. కిటికీలోంచి అతని భార్య, పాప చూస్తున్నారు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా అడ్డుపడేవాణ్ణి కాను.

“మ్యాచ్‌లో ఎక్కడ కూర్చుంటావు?” అని అడిగాడు.

“గోల్ వెనకాల, రెండో వరసలో.”

అతను బ్రష్షు మళ్లీ బక్కెట్లో ముంచాడు. “శనివారం అక్కడే కూర్చో. నాకు కనపడేలా” అన్నాడు.