ట్యాంకు దగ్గర ఆపండి

నాలుగో నంబరు బస్సు పొద్దున్నే పిల్లల్ని బడి ముందు దింపేసి, వెనకవైపు రేకుల షెడ్డులోకి చేరేది. డ్రైవరు చెప్పులు విప్పి కాళ్ళు చాపుకునేవాడు. ఆయా సీట్ల కింద ఊడ్చి పెన్సిలు ముక్కలూ బిస్కెట్టు కాగితాలూ ఎత్తిపోసేది. ఇంజను చల్లారి టిక్కు టిక్కుమనడం ఆగిపోగానే బస్సు నోరు విప్పేది. ముందురోజు సాయంత్రం తనలో విన్న మాటలన్నీ, ఎవరి గొంతు వాళ్ళదిగా, పొల్లుపోకుండా అప్పజెప్పేది. పాత బండి మరి. కొన్నిటికి పొగ ఎక్కువ, దీనికి మాట ఎక్కువ. ఆయా చీపురు మూలన పెట్టి తన దారిన తను పోయేది. డ్రైవరు అది వినపడకుండా రేడియో గొంతు పెంచేవాడు.

ఆ రేడియో వల్లే వ్యవహారం అంతదూరం వచ్చింది.

నీళ్ళ ట్యాంకు స్టాపులో దిగేది ఒక్కతే పిల్ల. నాలుగో తరగతి. వాళ్ళమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది, నాన్న సరుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. పిల్లకి నత్తి. ఇంట్లో అందరికీ అది అలవాటే. ఆమె మాట పూర్తయ్యేదాకా చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడతారు. బస్సులో అలా కాదు. స్టాపు వస్తుంటే దిగేవాళ్ళు కేకెయ్యాలి. ఎవరూ అరవకపోతే డ్రైవరు ఆపడు.

తొమ్మిదో తరగతి పొడుగాడికి ఇది భలే ఆటయింది. వెనక సీటు మీద మోకాళ్ళేసి కూర్చుని, "దీని బదులు ఎవరన్నా అరిచారో, చూడండి! చెప్పవే, చెప్పు" అనేవాడు. పిల్ల "ట... ట..." అంటుంటే పక్కనున్న ఇద్దరూ చప్పట్లతో తాళం వేసేవాళ్ళు. ఆ మాట పూర్తయ్యేలోపు ట్యాంకు వెనక్కి పోయేది. తర్వాతి స్టాపు, కట్టెల అడితి దగ్గర దిగి, లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆ పిల్ల నడిచి వచ్చేది.

ఎందుకాలస్యమని తల్లి అడిగితే మొదట్లో చెప్పలేదు. చెప్పాక తల్లి డ్రైవర్ని అడిగింది. "అరిస్తే ఆపనామ్మా?" అన్నాడు. డైరీలో క్లాసు టీచరుకు రాసింది. టీచరు కింద సంతకం గీసి, "కాస్త సర్దుకోమనండి, పిల్లలన్నాక ఏడిపించుకుంటారు" అని రాసింది.

ఒక బుధవారం పొడుగాడు పిల్ల సంచీని కిటికీలోంచి విసిరేశాడు. దాని కోసం రోడ్డు దాటబోయి, లారీ హారనుకు బెదిరి పిల్ల కంకర మీద పడింది. మోకాలు కడుగుతున్న తల్లితో అంది:

"రేపట్నుంచి నేను బడికి పోను."

ఆ మాట ఒక్కటీ నత్తి లేకుండా వచ్చింది. తల్లి కడగడం ఆపేసింది. అంటే దారంతా ఎన్నిసార్లు అనుకుంటూ వచ్చిందో!

అన్నం గిన్నెలు తియ్యకుండానే కాగితం ముందేసుకుంది. మొదటి కాగితంలో ప్రిన్సిపాలును, ఆయన బడిని, ఆ పొడుగాడి వంశాన్ని కలిపి ఉతికి ఆరేసింది. పక్కన కూర్చున్న అత్తగారు అంతా చదివి, "భేషుగ్గా తిట్టావమ్మాయ్. ఇప్పుడిది పొయ్యిలో పడేసి ఇంకోటి రాయి" అంది.

"అదేంటి అత్తయ్యా?"

"తిట్టుంటే ఆయన తిట్టుకే జవాబిస్తాడు, జరిగినదానికి ఇవ్వడు. ఏ రోజు, ఏ బస్సు, ఏ సీటు, ఎవరేమన్నారు, ఎవరు చూశారు, అవి రాయి. నువ్వు ఎవరెవరికి చెప్పావో రాయి. చివర్న నీకేం కావాలో రాయి. అది రాయకపోతే 'విచారిస్తాం' అని ఊరుకుంటారు."

అలా కుదిరింది ఉత్తరం:

"అయ్యా, నా కూతురిని నాలుగో నంబరు బస్సులో కొన్ని వారాలుగా ముగ్గురు విద్యార్థులు వేధిస్తున్నారు. తేదీలు, పేర్లు, దగ్గరున్న పిల్లల పేర్లు వెనక పేజీలో ఉన్నాయి. పాప చెప్పిన మాటలు పాప చెప్పినట్టే రాశాను, నేను చూసినవి వేరుగా రాశాను. డ్రైవరుకు చెప్పాను, డైరీలో టీచరుగారికి రాశాను, ఆ పేజీ నకలు జతచేశాను. బుధవారం పాప రోడ్డు మీద పడింది. గాయం ఫోటో కూడా ఉంది. ఇది ఆట కాదు. ఆటయితే ఆమె కూడా నవ్వేది.

నేను కోరేవి: ఎవరు అరిచినా అరవకపోయినా ప్రతి స్టాపులో బస్సు ఆగాలి. వెనక సీట్ల దగ్గర పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవాలి. పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, మా పాపను వాళ్ళ ఎదుట నిలబెట్టి అడగొద్దు. సీటు మార్చాలంటే ఆ ముగ్గురిదీ మార్చండి, పాపది కాదు. వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే ఈ ఉత్తరమే విద్యాశాఖ అధికారికి పంపుతాను."

మర్నాడు రెండు ప్రతులు తీసుకుని, దుకాణానికి సెలవు పెట్టి బడికి వెళ్ళింది. గుమాస్తా ఒకటి అందుకుని, "సరేనమ్మా, వెళ్ళండి" అన్నాడు.

"నా ప్రతి మీద అందినట్టు ముద్ర వెయ్యండి."

"అలాంటిది మా దగ్గర లేదు."

"ఫీజు రసీదు మీద వేశారుగా, ఆ ముద్రే చాలు" అని బెంచీ మీద కూర్చుంది. గుమాస్తా ఆమెను చూశాడు, గడియారాన్ని చూశాడు, చివరికి విసుగ్గా ముద్ర గుద్దాడు. ఆ చప్పుడుకే లోపల్నుంచి ప్రిన్సిపాలు పిలిచాడు.

ఉత్తరం పైపైన చూసి, "చూడమ్మా, ఎందుకొచ్చిన గొడవ. పాపను రెండో నంబరు బస్సుకు మారుస్తాను" అన్నాడు.

"తొక్కినవాడు కూర్చునే ఉంటాడు, తొక్కించుకున్న పిల్ల లేవాలా సార్?"

"రుజువేదమ్మా? ఆ బస్సులో కెమెరా పాడైంది."

"బస్సు పాడవలేదుగా. అది మాట్లాడుతుంది."

"బస్సులు సవాలక్ష వాగుతాయి. అవన్నీ పట్టించుకుంటామా?"

"మా పిల్ల కూడా చెప్పింది సార్. దాన్నీ పట్టించుకోలేదు. అందుకే బస్సు దాకా రావాల్సొచ్చింది. పదండి."

ఆయన కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. ఇంటర్వెల్ గంట కొట్టారు, పిల్లలు గుమ్మంలోంచి తొంగి చూశారు. ఇక కూర్చుంటే బాగుండదని ఆయన లేచాడు.

షెడ్డులో రేడియో మోగుతోంది. తల్లి కిటికీలోంచి చెయ్యి పెట్టి దాన్ని కట్టేసింది. డ్రైవరు గబుక్కున లేచి చెప్పులు వెతుక్కున్నాడు. అప్పటికే బస్సు బుధవారం సాయంత్రంలో ఉంది.

"చెప్పవే, చెప్పు." చప్పట్లు. "ట... ట... ట..." మళ్ళీ చప్పట్లు. ఎవరో చిన్నపిల్లాడి గొంతు, "పోనీ నేను అరవనా అన్నా?" "నోర్ముయ్!" తర్వాత పొడుగాడు కేకేశాడు: "డ్రైవరన్నా, ఆపకు, ఇంకా చెప్పలేదు!"

తర్వాత డ్రైవరు నవ్వు.

డ్రైవరుకు ఒక చెప్పు దొరికింది, రెండోది వెతకడం మానేశాడు. ప్రిన్సిపాలు జేబులోంచి ఉత్తరం తీసి, నిలబడే, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు.

జవాబు శనివారం వచ్చింది, ముద్రతో సహా. ముగ్గురి తల్లిదండ్రుల్నీ పిలిపించారు. ఆ ముగ్గురూ ఇక డ్రైవరు వెనక సీట్లో. ఆయా చివరి సీట్లో. డ్రైవరుకు హెచ్చరిక, ఎదురుగా అద్దం పక్కన అతికించిన స్టాపుల కాగితం.

సోమవారం సాయంత్రం బస్సు ట్యాంకు దగ్గర దానంతట అదే ఆగింది. పిల్ల లేచి, కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది.

"ఆగిందిగా తల్లీ, దిగు" అంది ఆయా.

"నే... నేను చె... చెప్పాలి."

ముందు సీట్లో పొడుగాడు వెనక్కి తిరగబోయి, ఆయా చూపు తగిలి, కిటికీ వైపు తిరిగాడు. వెనక ఆటో హారను కొట్టింది. డ్రైవరు గేరు మీద చెయ్యి వేశాడు. గేరు కదల్లేదు.

"ట... ట... ట్యాంకు ద... దగ్గర... ఆపండి."

మొత్తం చెప్పింది. అప్పుడు దిగింది.

మర్నాడు షెడ్డులో ఇంజను చల్లారాక బస్సు ఆ సాయంత్రపు అల్లరి, పాటలు, తగువులు అన్నీ వదిలేసింది. ఆ ఒక్క మాటే, నత్తితో సహా, మధ్యాహ్నం దాకా చెప్పుకుంటూ ఉంది. డ్రైవరు రేడియో పెట్టలేదు.