తలకిందులైన మొగుడూ, ముందు శ్లోకమూ

అరవై దాటాక మనుషులు తల వంచుతారంటారు. రత్నమణి మొగుడు యేసుప్రసాద్ మాత్రం తలకిందులయ్యాడు. డోన్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే గోడకు ఆనుకుని కాళ్లు పైకెత్తి నిలబడితే, కాఫీ గ్లాసు ఎటు పట్టుకుని ఇవ్వాలో ఆమెకు తోచేది కాదు. పిలిస్తే పలకడు. పలికితే గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. కొత్తగా సున్నం వేసిన గోడమీద మడమల అచ్చులు రెండు పడ్డాయి. వాటిని తుడవమంటే అవి సాధనకు సాక్ష్యమంటాడు.

ఇదంతా రాజంపేటలో ఉన్న తమ్ముడు ఫోన్లో పంపిన ఒక వీడియోతో మొదలైంది. కాషాయం కట్టుకున్న ఒకాయన, వెనక వేణువు వాయిస్తుండగా, ఒక సంస్కృత శ్లోకం చదివి అర్థం చెబుతాడు. తలకిందులుగా ఉండేవాడికి ఆరు నెలల్లో ముడతలూ నెరిసిన జుట్టూ మాయమవుతాయట. చివర్న, ఇది మన శాస్త్రం, నమ్మండి, షేర్ చేయండి అంటాడు. యేసుప్రసాద్ రెండూ చేశాడు.

రత్నమణికి యోగం మీద కోపమేమీ లేదు. నిజానికి ఆ ఇంట్లో యోగం మొదలుపెట్టాలని ముందు అనుకున్నది ఆమే. మెడ పట్టేస్తోంది, నిద్ర సరిగా పట్టడం లేదు. కానీ ఆమె వీడియోల జోలికి పోలేదు. కర్నూలు పోయినప్పుడు పాత బస్తీలో బసవన్న అనే ఆయన పుస్తకాల కొట్టులో వెతికింది. అట్ట మీద పదిరోజుల్లో అని రాసున్నవాటిని పక్కన పెట్టింది. బొమ్మలు తప్ప మాటల్లేనివీ వదిలేసింది. మూలం పైన, పదాలకు అర్థం దాని కింద, వ్యాఖ్యానం వేరుగా ఉన్నవి ఏరుకుంది. మూలం లేకుండా తాత్పర్యమే ఉంటే, మాట గ్రంథానిదో రాసినాయనదో తెలీదు కదా. అలా రెండు తీసుకుంది. ఒకటి యోగసూత్రాలది, రెండోది హఠయోగం శ్లోకాలది. బసవన్న ఇంకొకటి చేతిలో పెట్టి, చెయ్యడానికి ఇది కావాలమ్మా, ఆ రెండూ చదవడానికి అన్నాడు. అది ఈ కాలపు గురువొకాయన రాసిన అభ్యాస పుస్తకం. ప్రతి ఆసనం చివరా ఎవరు చెయ్యకూడదో రాసుంటుంది.

సూత్రాల పుస్తకం చదివి ఆమె ఆశ్చర్యపోయింది. అందులో ఆసనం గురించి ఉన్నది చాలా తక్కువ. కదలకుండా, సుఖంగా కూర్చోవాలన్నంత వరకే. కాళ్లు ఎటు పెట్టాలో లేదు. దానికంటే ముందు ఎవర్నీ నొప్పించకపోవడం, అబద్ధమాడకపోవడం లాంటివి ఉన్నాయి. అంటే ఒళ్లు వంచే ముందు నోరు వంచాలి. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఊపిరి బిగబట్టకుండా మెల్లగా వదలడం మొదలుపెట్టింది. మొగుడు నవ్వాడు. ఈత పుస్తకం చదివి నది దాటుతాందని చర్చిలో వాళ్లతో కూడా అన్నాడు.

అసలు చిక్కు మరొకటి. యేసుప్రసాద్‌కు కళ్లలో నీటికాసులు, అంటే గ్లాకోమా. పైకి ఏ నొప్పీ ఉండదు గానీ కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుంది. పోయిన చూపు మళ్లీ రాదని కర్నూల్లో కంటి డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. రోజూ చుక్కలు వేసుకోవాలి.

ఒక మధ్యాహ్నం అభ్యాస పుస్తకంలో తలకిందుల ఆసనం దగ్గరకొచ్చింది రత్నమణి. చివర్న రక్తపోటు, మెడనొప్పి ఉన్నవాళ్ల సరసన నీటికాసుల వాళ్ల పేరూ ఉంది. ఆమె లేచి అలమర తెరిచింది. కొత్తగా తెచ్చిన చుక్కల సీసాకు మూత కూడా తీసి లేదు.

అడిగితే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. తల కిందికుంటే కళ్లకు రక్తం బాగా అందుతుంది, చుక్కలెందుకు అన్నాడు. శాస్త్రంలోనే ఉందన్నాడు. ఎంత ఏడ్చినా మొగుడి చెవికెక్కదని రత్నమణికి తెలుసు. శాస్త్రం అన్నాడు కాబట్టి శాస్త్రం దగ్గరికే పోవాలి.

హఠయోగం పుస్తకంలో ఆ శ్లోకం వెతికింది. దొరికింది. వీడియో ఆయన అబద్ధం చెప్పలేదు. ముడతలు పోతాయన్న మాట అక్కడ నిజంగానే ఉంది. దాని ముందు శ్లోకం చదివాక ఆమె పెదవి కొరుక్కుంది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. యేసుప్రసాద్ ఏళ్లుగా చర్చి పెద్ద. బైబిలు తెరిచి ఎక్కడో ఒకచోట వేలు పెట్టి, ఆ వచనంతోనే దేవుడు తమతో మాట్లాడాడనుకునేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. ముందొక వచనం, ఎనకొక వచనం చదవకుండా నోరు తెరిచినోణ్ని ఆయన ఆదివారం నాడు అందరిముందూ నోరు మూయించి కూర్చోబెట్టేవాడు.

"ఈడ సూడండి," అంది. "మీ స్వామి చెప్పిన శ్లోకం ఇది. దీనికి ముందున్నది మీరే చదవండి, నేను చదివితే నమ్మరు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మూలం తడుముకుంటూ, తెలుగు అర్థం గట్టిగానే చదివాడు. మొదటి రోజు క్షణకాలం మాత్రమే అలా ఉండాలి. రోజుకు కొంచెం కొంచెం పెంచాలి. గురువు చెప్తేనే తెలుస్తుంది. ఆకలి రగులుతుంది కాబట్టి తిండి తక్కువ తినేవాణ్ని ఆ నిప్పు దహిస్తుంది. యేసుప్రసాద్ ఆగాడు. ఆయన మొదటిరోజే వీడియో అయిపోయేదాకా నిలబడ్డాడు. రాత్రిళ్లు తిండి మానేశాడు. గురువు ఫోన్లో ఉన్నాడు.

"ఒక్క వచనం పట్టుకుని ఊగేటోళ్లను మీరేమంటారండీ?" అంది రత్నమణి, ఏమీ ఎరగనట్టు.

ఆయన పేజీ వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పాడు. చదివినదే ఇంకోసారి చదివాడు. తర్వాత ఆమె అభ్యాస పుస్తకం తెరిచి ఆ చివరి వరుస మీద వేలు పెట్టింది. ఈసారి ఎకసెక్కం లేకుండా చెప్పింది.

"శ్లోకం రాసినాయనకు మీ కన్ను తెలీదు. దీనికి తెలుసు. రేపు పొద్దున రైలుకు కర్నూలు పోదాం పదండి."

"పోదాంలేమ్మే," అన్నాడు. తెల్లారి గోడ దగ్గరకు పోలేదు. ఆమె చెప్పకుండానే చుక్కలు వేసుకున్నాడు, సగం చెంప మీద పడ్డాయి.

ఆసుపత్రిలో గడ్డం ఆనించి, యంత్రంలో మినుకుమంటున్న వెలుగు చుక్కలు కనపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన లోపల ఉన్నంతసేపూ రత్నమణి బెంచీ మీద నిటారుగా కూర్చుంది. ఊపిరి మెల్లగా వదలాలని ఆమెకు గుర్తుంది. వదలడం మాత్రం చేతకాలేదు. సూత్రాల పుస్తకంలో మనసు నిలవనివ్వని అడ్డంకుల పట్టీ ఒకటుంది. జబ్బు, సందేహం, బద్ధకం అంటూ వస్తుంది. అందులో ఆసుపత్రి బెంచీ ఎందుకు రాయలేదో ఆమెకు అర్థం కాలేదు.

చివరికి డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి కాయితాలు పక్కపక్కన పెట్టింది. ఒత్తిడి బాగా పెరిగింది. కానీ నరం కిందటిసారి ఎలా ఉందో అలాగే ఉంది. చూపు పరిధిలో కొత్తగా పోయినదేమీ లేదు. తలకిందులుగా ఉన్నంతసేపూ కంట్లో ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుంది, చుక్కలు కూడా మానేసి ఇంకొన్ని నెలలు చేసుంటే ఇలా చెప్పగలిగేదాన్ని కాదంది. నడక, కుర్చీలో కూర్చుని చేసేవి, బిగబట్టకుండా ఊపిరి తీసుకోవడం, ఇవన్నీ హాయిగా చేసుకోవచ్చంది.

రత్నమణి గుండెల్లోంచి ఊపిరి ఒక్కసారి బయటికొచ్చింది. ఏ పుస్తకం పద్ధతిలోనూ కాదు. కళ్లు తుడుచుకుంది. ముక్కు కూడా తుడుచుకుంది.

సమయానికి వచ్చారు, ఎవరు గమనించారు అని డాక్టరమ్మ అడిగింది. ఇట్లాంటి చోట యేసుప్రసాద్ మామూలుగా దగ్గుతాడు, లేదా దేవుడి దయ అంటాడు. ఈసారి కుర్చీ భార్య వైపు కొంచెం తిప్పుకున్నాడు.

"ఈమె చెప్పిందమ్మా. నేనే ఇనలేదు. ఈమె చదువుకుంటాంటే చర్చిలో నలుగురిలో నవ్వినా. తప్పు నాది."